పాస్తా మీద మిగిలే 222 రూపాయలు: ఒక కెఫే కేసు

హోటళ్ళకీ కెఫేలకీ కాస్టింగ్ చూడటం నా పని. ఈ కేసు హైదరాబాద్ పడమటి వైపు ఐటీ ఆఫీసుల మధ్య నడుస్తున్న ఒక కెఫేది. యజమాని సరేనన్నాకే రాస్తున్నాను. పేరు, వీధి, పోల్చుకోగల వివరాలు వదిలేశాను. అంకెలను కొద్దిగా మార్చాను, వాటి మధ్య తేడాలు మాత్రం చెడకుండా చూశాను.

కెఫే ఎలా నడుస్తుంది

నలభై మంది కూర్చునే చోటు. వంటగదిలో ఒక మాస్టర్, ఒక హెల్పర్. రెండు బర్నర్ల స్టవ్, ఒక శాండ్‌విచ్ గ్రిల్. కాఫీ, కూల్ డ్రింకులన్నీ బయట కౌంటర్‌లోనే తయారవుతాయి, వాటికి స్టవ్‌తో పని లేదు. వ్యాపారం రోజులో రెండు సార్లు ఊపందుకుంటుంది. మధ్యాహ్నం పావుతక్కువ ఒంటిగంట నుంచి రెండుంబావు దాకా ఆఫీసుల వాళ్ళు భోజనానికి వస్తారు. సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా కాఫీ బేరం. మిగతా వేళల్లో సగం కుర్చీలు ఖాళీ.

ఈ వేళల తేడా ముందే చెప్పడానికి కారణం ఉంది. ఏ ఐటమ్‌ని ముందుకు తోయాలి అన్న ప్రశ్నకు మధ్యాహ్నం వచ్చిన జవాబు సాయంత్రానికి పనికిరాలేదు.

వచ్చిన సమస్య

యజమాని మాటల్లో చెప్పాలంటే, "బేరం బాగానే ఉంది సార్, అద్దె కట్టే తారీఖు వచ్చేసరికి టెన్షన్ పడుతున్నాను." ఆవిడ ఏమీ చేయకుండా కూర్చోలేదు. ఫుడ్ కాస్ట్, అంటే ధరలో సరుకుల ఖర్చు వాటా, 30 శాతం దాటకూడదని ఎవరో చెప్పిన మాట పట్టుకుని, శాతం అన్నిటికంటే తక్కువున్న లెమన్ ఐస్‌టీని ఎంచుకున్నారు. ప్రతి టేబుల్ మీదా దాని స్టాండీ పెట్టించారు. ఆర్డర్ తీసుకునే అబ్బాయికి కూడా ముందు దాని పేరే చెప్పమన్నారు. ధర తగ్గించలేదు.

ఐస్‌టీ అమ్మకం నిజంగానే పెరిగింది. మొత్తం ఫుడ్ కాస్ట్ శాతం కూడా దిగింది. కానీ చేతిలో డబ్బు పెరగలేదు. ఇదెలా జరిగిందో తేల్చడం దగ్గరే పని మొదలైంది.

బిల్లింగ్ మెషీన్‌లో ఐటమ్‌వారీ రిపోర్టు తీశాం. స్టాండీ పెట్టకముందు సాయంత్రం పూట రోజుకు సగటున 34 కోల్డ్ కాఫీలు, 12 ఐస్‌టీలు పోయేవి. పెట్టాక కోల్డ్ కాఫీ 21కి పడిపోయి, ఐస్‌టీ 29 అయింది. కోల్డ్ కాఫీ ధర 180, అందులో పోసేవాటి ఖర్చు 46, మిగిలేది 134. ఐస్‌టీ ధర 110, ఖర్చు 14, మిగిలేది 96. అంటే ముందు రోజుకు 5,708 రూపాయలు మిగిలే చోట ఇప్పుడు 5,598 మిగులుతోంది. నాలుగు గ్లాసులు ఎక్కువ అమ్మి 110 రూపాయలు పోగొట్టుకున్నారన్నమాట. ఈ రెండు డ్రింకుల మీద ఫుడ్ కాస్ట్ మాత్రం 23 శాతం నుంచి 20 శాతానికి దిగి, కాగితం మీద ముచ్చటగా కనిపిస్తోంది.

ఐస్‌టీ తాగిన వాళ్ళలో ఎక్కువమంది కొత్తగా వచ్చిన వాళ్ళు కాదు. లేకపోతే కోల్డ్ కాఫీ తాగేవాళ్ళే. శాతం ఎంత తక్కువున్నా అద్దె కట్టేది రూపాయలతోనే కాబట్టి, స్టాండీలు ఆ వారమే తీయించాం.

రూపాయల లెక్క కట్టడం

తర్వాత ప్రతి ఐటమ్‌కీ కాంట్రిబ్యూషన్ లెక్క కట్టాం. ధరలోంచి ఆ ప్లేటు అమ్మినందువల్లే అయ్యే ఖర్చు తీసేస్తే మిగిలేది కాంట్రిబ్యూషన్. అద్దె, జీతాలు, కరెంటు బిల్లు, ఆ పైన లాభం, అన్నీ దీంట్లోంచే రావాలి.

ఇక్కడ ఏది కలపాలి, ఏది కలపకూడదు అన్నదే అసలు తలనొప్పి. మాస్టర్ జీతం కూడా ప్లేటుకింత అని వేద్దామన్నారు యజమాని. నేను వద్దన్నాను. ఎనిమిది పాస్తాలు చేసినా పద్నాలుగు చేసినా ఆయన జీతం మారదు. ప్రమోషన్ వల్ల మారని ఖర్చును ప్రమోషన్ నిర్ణయంలోకి తెస్తే లెక్క తప్పుదారి పడుతుంది. గ్యాస్ మాత్రం కొద్దిగా కలిపాం. మెనూ ధరలు జీఎస్టీ కాకుండా వేసినవి. బిల్లు మీద వేసే 5 శాతం ప్రభుత్వానికి పోయేదే కనుక దాన్ని తాకలేదు. అయితే ఈ 5 శాతం పద్ధతిలో రెస్టారెంటుకు ఇన్‌పుట్ క్రెడిట్ రాదు, అంటే సరుకులు కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని తాము కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోలేరు. కాబట్టి చీజ్ మీద, సాసుల మీద, డబ్బాల మీద కట్టిన జీఎస్టీ కూడా ఖర్చే. కొనుగోలు బిల్లులో పన్ను కలిపిన మొత్తాన్నే తీసుకోవాలి. చాలామంది ఇక్కడే పన్నుకు ముందున్న అంకె రాసేసుకుంటారు.

రెసిపీ కాగితాన్ని నమ్మకుండా త్రాసు పెట్టి తూచాం. పనీర్ శాండ్‌విచ్‌కి 60 గ్రాముల పనీర్ అని రాసి ఉంది. రద్దీలో మాస్టర్ చేత్తో వేస్తున్నది 85 గ్రాముల దాకా ఉంది. కిలో 400 లెక్కన ఒక్కో శాండ్‌విచ్‌లో పది రూపాయలు అలా పోతున్నాయి. మాస్టర్‌ని తప్పుపట్టి లాభం లేదు, చేతికి త్రాసు ఉండదు కదా. హెల్పర్ పొద్దున్నే పనీర్‌ని 60 గ్రాముల పొట్లాలుగా కట్టి పెట్టేలా మార్చాం. మీ దగ్గరా ఇలాగే జరుగుతోందా అని తెలుసుకోవాలంటే ఒక దారి ఉంది. నెల మొదటి స్టాకుకి కొన్నది కలిపి, చివరి స్టాకు తీసేయండి. వచ్చినదాన్ని, అమ్మిన ప్లేట్లను రెసిపీ తూకంతో గుణించిన మొత్తంతో పోల్చండి. పనీర్, చీజ్, చికెన్, పాలు, ఈ నాలుగింటికి చూస్తే చాలు, ఉప్పుకీ మిరియాలకీ అక్కర్లేదు.

తూకాలు సరిచేశాక వచ్చిన ముఖ్యమైన అంకెలు ఇవి.

| ఐటమ్ | ధర | ఖర్చు | మిగిలేది | ఫుడ్ కాస్ట్ |
|---|---|---|---|---|
| ఫిల్టర్ కాఫీ | 60 | 16 | 44 | 27% |
| లెమన్ ఐస్‌టీ | 110 | 14 | 96 | 13% |
| పనీర్ శాండ్‌విచ్ | 190 | 78 | 112 | 41% |
| కోల్డ్ కాఫీ | 180 | 46 | 134 | 26% |
| చికెన్ రైస్ బౌల్ | 250 | 86 | 164 | 34% |
| చికెన్ ఆల్ఫ్రెడో పాస్తా | 340 | 118 | 222 | 35% |

శాతం ప్రకారం అందరికంటే వెనకనున్న వాటిలో పాస్తా ఒకటి. రూపాయల్లో అన్నిటికంటే ముందుంది.

పాస్తా ముచ్చట

ఈ పట్టిక చూడగానే ఆవిడ మనసు పాస్తా మీదికి పోయింది. పోకుండా ఎలా ఉంటుంది? మెనూ ఇంజనీరింగ్ అని ఒక పద్ధతి ఉంది. 1982లో అమెరికాలోని మిషిగన్ స్టేట్ యూనివర్సిటీకి చెందిన కసవానా, స్మిత్ అనే ఇద్దరు దాన్ని రూపొందించారు. ఐటమ్‌ల మీద మిగిలేది ఎంత, ఎన్ని పోతున్నాయి అని చూసి నాలుగు గళ్ళలో పెడతారు. ఎక్కువ మిగిలి తక్కువ పోయేదాన్ని పజిల్ అంటారు. అలాంటివాటిని జనం కంటపడేలా పెట్టి అమ్మకం పెంచి చూడమన్నది ఆ పద్ధతిలో సాధారణంగా ఇచ్చే సలహా. మా పాస్తా సరిగ్గా ఆ గడిలోనే పడింది. మధ్యాహ్నం మెనూ బోర్డు మీద పెద్ద అక్షరాలతో పాస్తా ఎక్కింది.

లంచ్ టైమ్‌లో పాస్తాలు రోజుకు 8 నుంచి 14కి పెరిగాయి. ప్లేటుకు సగటు బిల్లు 274 నుంచి 298కి వచ్చింది. ఆవిడ సంతోషపడ్డారు. కానీ అదే వేళలో రైస్ బౌల్స్ 22 నుంచి 12కి పడిపోయాయి. ముప్ఫై ప్లేట్లు పోయే చోట ఇరవై ఆరే పోతున్నాయి. మిగిలేది లెక్కేస్తే ముందు 5,384, ఇప్పుడు 5,076. సగటు బిల్లు పెరిగి మొత్తం మిగులు తగ్గింది.

ఇది కూడా ఐస్‌టీ కథేనా అంటే, కాదు. అక్కడ మనిషి ఒక గ్లాసు బదులు ఇంకో గ్లాసు తీసుకున్నాడు. ఇక్కడ 164 మిగిలే దాని బదులు 222 మిగిలేది తీసుకుంటే లాభమే రావాలి. నష్టం వచ్చింది, ప్లేట్లే తగ్గాయి కాబట్టి. మరి ఆ నలుగురు ఎటు పోయారు?

జవాబు కేఓటీల్లో, అంటే వంటగదికి పోయే ఆర్డర్ చీటీల్లో దొరికింది. ఆర్డర్ కొట్టిన టైమూ, ప్లేటు బయటికి పంపాక మెషీన్‌లో నొక్కే టైమూ రెండూ అక్కడ ఉంటాయి. రద్దీలో ఆ రెండింటి మధ్య తేడా 11 నిమిషాల నుంచి 19 నిమిషాలకు పోయింది. క్యాన్సిల్ అయిన కేఓటీలు పెరిగాయి. గంట లంచ్ బ్రేక్‌లో వచ్చిన వాళ్ళు ఇరవై నిమిషాలు కూర్చోరు. ఇక గుమ్మం దగ్గరే పరిస్థితి చూసి పక్క టిఫిన్ సెంటర్‌కు మళ్ళిన వాళ్ళ లెక్క ఏ మెషీన్‌లోనూ ఉండదు.

బర్నర్ నిమిషం

వంటగదిలో నిలబడి చూస్తే విషయం తెలిసిపోయింది. పాస్తా ముందే ఉడికించి పెట్టుకున్నా, చికెన్ వేపి, క్రీమ్ పోసి, సాస్ దగ్గరపడేదాకా ఒక బర్నర్‌ని 9 నిమిషాలు పట్టుకుని ఉంటుంది. రైస్ బౌల్‌కి అన్నం, గ్రేవీ పొద్దున్నే సిద్ధం. బర్నర్ మీద 4 నిమిషాలు చాలు. గంటన్నర రద్దీలో రెండు బర్నర్లకు కలిపి ఉన్నది 180 నిమిషాలు. మాస్టర్ ఎంత చేయి తిరిగినవాడైనా 181 చేయలేడు.

పాస్తా 222ను 9తో భాగిస్తే బర్నర్ నిమిషానికి దాదాపు 25 రూపాయలు. రైస్ బౌల్ 164ను 4తో భాగిస్తే 41. వంటగది నిండిపోయిన వేళ మనం అమ్ముతున్నది బర్నర్ నిమిషాలనే. పాస్తా ఒక్కో నిమిషాన్ని 25 రూపాయలకు ఇచ్చేస్తోంది. మొత్తం 180 నిమిషాలూ పాస్తాకే ఇస్తే 20 ప్లేట్లు, 4,440 రూపాయలు. రైస్ బౌల్‌కే ఇస్తే 45 ప్లేట్లు, 7,380. ఏ కెఫే ఒకే ఐటమ్ అమ్మదు గానీ, ఏది ఎటు లాగుతుందో ఈ రెండంకెలు చెబుతాయి.

"మరి పాస్తా తీసేద్దామా సార్?" అని అడిగారు. తీసేయక్కర్లేదు మేడమ్ అన్నాను. ఈ నిమిషాల లెక్క బర్నర్ కోసం ఆర్డర్లు క్యూ కట్టినప్పుడే చెల్లుతుంది. మధ్యాహ్నం మూడింటికో రాత్రి ఎనిమిదింటికో బర్నర్ ఖాళీగా ఉన్నప్పుడు దాని నిమిషానికి విలువ లేదు. అప్పుడు ప్లేటుకు 222 అన్నదే సరైన అంకె, పాస్తాయే మొదట ఉండాలి.

అందుకని మధ్యాహ్నం బోర్డు మీద రైస్ బౌల్ ఎక్కింది, పక్కనే పనీర్ శాండ్‌విచ్. శాండ్‌విచ్ మీద మిగిలేది 112యే అయినా అది గ్రిల్ మీద అవుతుంది, బర్నర్ జోలికి రాదు. దాంతో వచ్చే ఫ్రెంచ్ ఫ్రైస్ కోసం హెల్పర్ దగ్గర విడిగా చిన్న కరెంటు ఫ్రయర్ ఉంది. పాస్తా మెనూలోనే ఉంది గానీ లంచ్‌లో దాని గురించి ఎవరూ చెప్పరు. రెండున్నర తర్వాత బోర్డు తిప్పేస్తారు, రెండో వైపు పాస్తా ఉంటుంది.

మార్చాక లంచ్‌లో రోజుకు సగటున 31 రైస్ బౌల్స్, 5 పాస్తాలు పోతున్నాయి. బర్నర్ మీద 169 నిమిషాలు. మిగిలేది 6,194. ఏ ప్రమోషనూ లేని మొదటి రోజులతో పోలిస్తే 810 ఎక్కువ. నెలకు 22 పనిదినాల లంచ్ లెక్కన పదిహేడు వేల పైచిలుకు. శాండ్‌విచ్ మీద వచ్చింది ఇందులో కలపలేదు, ఎందుకంటే అదే నెలలో పక్క బిల్డింగ్‌లోకి కొత్త ఆఫీసు వచ్చింది, ఏది బోర్డు వల్లో ఏది ఆ ఆఫీసు వల్లో విడదీయలేం. నిజానికి రైస్ బౌల్ పెరుగుదలలోనూ ఆ ఆఫీసు వాటా కొంత ఉండొచ్చు. వెయిటింగ్ మళ్ళీ 12 నిమిషాలకు దిగింది, దాన్నే నేను గట్టి రుజువుగా చూస్తాను.

సాయంత్రం: దేని బదులు కాకుండా

సాయంత్రం బర్నర్ గొడవ లేదు. ఐస్‌టీ నేర్పింది వేరే సంగతి. కాఫీకి వచ్చిన మనిషి ఎలాగూ ఒక డ్రింకు తాగుతాడు, ఆ డ్రింకును మార్చడం కంటే దాని పక్కన ఇంకోటి పెట్టించడం మేలు. బిల్లులు చూస్తే సాయంత్రం కాఫీ బిల్లుల్లో ఎక్కువ భాగం ఉత్త కాఫీ బిల్లులే, తినేది ఏదీ లేదు.

పక్కన ఏం పెట్టాలి? కోల్డ్ కాఫీ మీదున్న 134 రూపాయలంత మిగలక్కర్లేదు, ఎందుకంటే వచ్చేదంతా అదనమే. వంటగదికి పని పెట్టకూడదు, కాఫీ ధరకు మరీ మించకూడదు. దగ్గర్లో ఇంటి నుంచే బేకింగ్ చేసే ఒకావిడ దగ్గర బనానా బ్రెడ్ ముక్క 38కి తెప్పించి 90కి పెట్టాం. మిగిలేది 52. కౌంటర్ అబ్బాయి కాఫీ ఆర్డర్ తీసుకుంటూ, "బనానా బ్రెడ్ ఇవాళ్టిదే సార్, ఒక ముక్క వేయమంటారా?" అని ఒక్కసారి అడుగుతాడు. రెండోసారి అడగొద్దని గట్టిగా చెప్పాం.

రోజుకు 30 ముక్కలు తెప్పిస్తే 26 పోతున్నాయి. మిగిలిన నాలుగింటి ఖర్చు 152 ఇందులోంచే తీసేయాలి. పట్టిక మీద 52 అని ఉన్నా అమ్ముడుపోని ముక్కలు దాన్ని తింటాయి. అంటే 1,352లోంచి 152 పోగా 1,200. ఇది ఏ ఐటమ్ బదులైనా పోతోందా అని కూడా చూశాం. సాయంత్రం శాండ్‌విచ్‌లు రోజుకు మూడు తగ్గాయి. ఆ 336 కూడా తీసేస్తే నికరంగా 864. శాండ్‌విచ్ తగ్గుదల ఎనిమిది దాటితే ఈ ప్రయత్నం ఆపాలని అప్పుడే అనుకున్నాం. ఒక శాండ్‌విచ్ పోతే దాదాపు రెండు ముక్కల మీద వచ్చేది పోతుంది, కాబట్టి ఆ దాకా పోతే మొత్తం శ్రమకు మిగిలేది రోజుకు మూడొందలే. అక్కడ నిలబెట్టేంత లాభం కాదది.

డెలివరీ యాప్

ఖాళీ వేళల్లో పాస్తాని యాప్‌లో పెట్టి 20 శాతం తగ్గింపు ఇద్దామన్న ఆలోచన ఆవిడకు వచ్చింది. బర్నర్ ఎలాగూ ఖాళీ, ఆలోచన తప్పేమీ కాదు. లెక్క చూశాం. 340లో తగ్గింపు పోగా 272. వాళ్ళ ఒప్పందంలో కమీషన్ తగ్గించిన ధర మీద 25 శాతం, అంటే 68. దాని మీద 18 శాతం జీఎస్టీ 12 రూపాయలు, ఆ క్రెడిట్ కూడా రాదు. డబ్బా, కవరు కలిపి 18. వంట ఖర్చు 118. చివరికి మిగిలేది 56. కెఫేలో కూర్చుని తింటే 222, అదే ప్లేటు.

ఖాళీ వేళలో 56 అయినా వచ్చేదే కదా అంటే, ఒప్పుకుంటాను, కానీ ఆ తగ్గింపు చూసి ఇప్పటిదాకా వచ్చి తింటున్న వాళ్ళు ఇంటికి తెప్పించుకోవడం మొదలుపెడితే ఒక్కొక్కరి దగ్గర 166 పోతుంది. ఒకరు అలా మారితే ఆ లోటు పూడ్చడానికి ముగ్గురు కొత్తవాళ్ళు కావాలి. తగ్గింపు లేకుండా పెడితే 104 దాకా మిగులుతుంది. ఆ పద్ధతిలోనే, లంచ్ వేళలో ఆఫ్ చేసి, నడుపుతున్నారు.

ఇంకా తేలనిది

పట్టిక మూడు నెలలకోసారి తిరగరాస్తున్నారు, చికెన్ ధర బాగా పెరిగితే ఆ వారంలోనే. రైస్ బౌల్‌లో చికెన్ 90 గ్రాములే, పాస్తాలో 100, కాబట్టి చికెన్ పెరిగినా వరుస మారదు. క్రీమ్, చీజ్ పెరిగితే మాత్రం పాస్తా కాస్త కిందికి వస్తుంది.

ఇప్పుడు ఆవిడ అడుగుతున్నది మూడో బర్నర్ గురించి. ఇంకో 90 నిమిషాలు వస్తాయి, నిమిషానికి 41 లెక్కన రోజుకు 3,690 అని వెంటనే కాగితం మీద వేశారు. ఆ అంకె నిజం కావాలంటే లంచ్‌లో ఇంకో ఇరవై రెండు మంది తినడానికి రావాలి, వాళ్ళు కూర్చోడానికి కుర్చీలుండాలి, మాస్టర్‌కి మూడో చేయి ఉండాలి. చేయి అంటే ఇంకో వంటమనిషి, అంటే జీతం, అప్పుడది ప్లేటు లెక్క కాదు, నెల ఖర్చు లెక్క. ప్రస్తుతానికి కౌంటర్ దగ్గర ఒక నోట్‌బుక్ పెట్టించాను. లంచ్‌లో వెయిటింగ్ చూసి వెళ్ళిపోయిన ప్రతి గుంపుకూ కౌంటర్ అబ్బాయి ఒక గీత గీస్తాడు, ఎంతమందో పక్కన రాస్తాడు. అది రోజుకు పది మందికి తగ్గకుండా కొన్ని వారాలు నిలిస్తేనే స్టవ్ కొటేషన్ తెప్పించమన్నాను.